ఎనభై గంటలా, ఒక్క పరీక్షా

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. మా బాపు మాత్రం బడే నన్ను మానేసిందని పదిమందికీ చెప్పుకునేవాడు. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ట్రాక్టర్ ట్రాలీలు అతికే షాపులో చేరాను. అక్కణ్ణించి ఒక ఏజెంటు పుణ్యాన సౌదీ పోయి, పైపులైన్ల మీద వెల్డర్‌గా చేసి, చివరికి వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌నయ్యాను. అంటే ఇంకొకడు అతికింది బాగుందో లేదో చూసి చెప్పి జీతం తీసుకునే పని. ఇంకొకడు చేసిన పనికి వంకలు పెట్టడం మా ఊళ్ళో చాలామంది జీతం లేకుండానే చేస్తారు. నాకు జీతమిచ్చే దేశం దొరికింది, అంతే తేడా.

ఈ పనికి ఒక సర్టిఫికెట్ కావాలి. అమెరికాలో ఒక సంస్థ ఇస్తుంది. చదువు ఎంత తక్కువైతే అనుభవం అంత ఎక్కువ చూపించాలని వాళ్ళ నియమం. ఆ లెక్కన నా అంత అనుభవజ్ఞుడు ఆసియాలో ఉండకూడదు. మూడు పేపర్ల పరీక్ష గట్టెక్కితే ఒక కార్డూ, ఒక ముద్రా, ఒక నంబరూ ఇస్తారు. చూసిన ప్రతి అతుకు రిపోర్టు కింద ఆ నంబరు వెయ్యాలి. నంబరు లేని సంతకాన్ని చమురు కంపెనీవాడు లెక్కలోకి తీసుకోడు.

మూడేళ్ళకోసారి ఆ నంబరును రెన్యువల్ చేయించుకోవాలి. మేము ఇదే పనిలో ఉన్నామని కంపెనీ చేత రాయించి, కళ్ళ డాక్టరు కాగితం జతచేసి పంపితే అయిపోతుంది. అలా రెండుసార్లు. తొమ్మిదో ఏడు మాత్రం కాగితాలతో తీరదు. మూడు పేపర్లలో ప్రాక్టికల్ పేపరు మళ్ళీ రాసి పాసవ్వాలి. అది వద్దనుకుంటే, ఆ తొమ్మిదేళ్ళలో ఎనభై గంటల కోర్సులు విన్నట్టు రుజువు చూపించాలి, అందులో కొన్ని గంటలు చివరి మూడేళ్ళవై ఉండాలి. పరీక్షో, గంటలో, ఏదో ఒకటి. గడువులోగా రెండూ లేకపోతే నంబరు పోతుంది. మళ్ళీ కావాలంటే మొదటి నుంచి మూడు పేపర్లూ రాసుకోవాలి.

నేను చెప్పబోయేది నా తొమ్మిదో ఏడు సంగతి కాదు, మాకు పని నేర్పిన ఉస్తాద్‌ది.

ఉస్తాద్‌ది మా దగ్గరి ఊరు ఎల్లారెడ్డి. వాళ్ళ నాన్న నిజాంసాగర్ కాలువ తూములకు షట్టర్లు బాగుచేసే మిస్త్రీ. డెబ్బైల్లో మా వైపు నుంచి గల్ఫ్ పోయిన మొదటి గుంపులో ఉస్తాద్ ఉన్నాడు. మేము పోయేసరికే అక్కడ పాతకాపు. మా క్యాంపులో ఇన్‌స్పెక్టర్లలో అందరికంటే పెద్దవాడు ఆయనే, కంపెనీ లెక్కలోనూ, మా లెక్కలోనూ. అతుకు మీద బొటనవేలు నడిపిస్తూ పోయి ఒకచోట ఆపేవాడు. అక్కడ కొలత గేజి పెట్టి చూస్తే తప్పు ఉండేది. వెల్డర్లు ఆయన్ని చాటుగా ఎక్స్‌రే అనేవాళ్ళు. ఎదురుగా ఏమీ అనేవాళ్ళు కాదు.

క్యాంపులో మా జిల్లా వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. ముందొచ్చినవాడు వెనకొచ్చినవాడికి జాగా ఇవ్వాలి. కూలరు పక్క మంచం, మంచి బూట్లు, వంటగదిలో పొయ్యి వంతు, అన్నీ అలాగే పైనుంచి కిందికి దిగేవి. కంపెనీ ఏటా బహ్రెయిన్‌లో వారం రోజుల కోర్సుకు ఇన్‌స్పెక్టర్లను పంపేది. అందులో మొదటి సీటు ఉస్తాద్‌ది. మొదట్లో ఒకసారి పోయాడు. ఆ తర్వాత ఏటా ఆ సీటు కూడా మంచంలాగే కిందికి దిగింది.

“నాకెందుకురా. కొత్తోడు పోని, నాలుగు ముక్కలు నేర్సుకుంటడు,” అనేవాడు.

ఒక ఏడు డోంగ్లి కుర్రవాడు పోయాడు, ఒక ఏడు మాచారెడ్డి వాడు పోయాడు, రెండేళ్ళు నేను పోయాను. వారానికి నలభై గంటలు. తొమ్మిదో ఏడు గురించి అప్పుడెవరికీ పట్టలేదు. రెండు రెన్యువళ్ళు కాగితాలతో అయ్యాయి కాబట్టి మూడోది కూడా అలాగే అయిపోతుందనుకున్నాం. నియమాల పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, అవసరం పడితే తప్ప మేము ఇంగ్లీషు జోలికి పోము.

తొంభైల్లో ఒక ఎండాకాలం ఇద్దరం ఒకేసారి సెలవు మీద వచ్చాం. వచ్చేముందు కంపెనీ ఆఫీసులో ఉస్తాద్‌కు ఒక మాట చెప్పి పంపారు. సెలవు అయ్యేలోగా ఆయన సర్టిఫికెట్ గడువు ముగుస్తుంది, కొత్తది చూపిస్తేనే సీనియర్ ఇన్‌స్పెక్టర్‌గా కాంట్రాక్టు మళ్ళీ రాస్తారు, లేకపోతే లేదు. అప్పుడు గానీ మేము ఆ పుస్తకం తెరవలేదు.

కామారెడ్డి బస్టాండు ఎదురు హోటల్లో కూర్చుని తెరిచాం. నేను ఒక్కో వాక్యం కూడబలుక్కుంటూ చదువుతుంటే ఆయన చాయ్ సాసర్లో పోసుకుని తాగుతూ విన్నాడు. సాసరు ఖాళీ చేసి కింద పెట్టాడు. తర్వాత అడిగాడు.

“నా గంటలెన్ని?”

“నలభై. గవి గూడ పాతయి. ఆఖరి మూడేండ్లల్ల ఒక్కటి లేదు.”

“నీయి?”

“ఎనభై.”

“నా సీట్ల మీద కూసున్నయే గదా?”

“అవును ఉస్తాద్. కూసున్నందుకే గంటలు. సీటు ఎవనిదని అడగరు.”

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రాకపోవడం నాకు అలవాటు లేదు కాబట్టి ఇంకో రెండు చాయ్‌లు చెప్పాను.

“మరి మీకు క్యాంపుల రోజు పొద్దూకినంక చెప్పిన గదా, గేజి ఎట్ల వట్టాల్నో, పగులు ఎట్ల జూడాల్నో. పాఠం చెప్పినా గంటలిస్తమని రాసిందంటివి. గవి లెక్కకు రావా?”

“వస్తయి. కని ఏదన్న బడి తరఫున చెప్పాలె. హాజరు పట్టీ ఉండాలె, పాఠాల వరుస ఉండాలె, ముద్ర ఉండాలె. మనం మంచం మీద కూసోని పల్లికాయ తినుకుంట నేర్సుకున్నం. గదానికి ముద్ర ఎవడేస్తడు?”

“హాజరు పట్టీ ఉంటె నువ్వు రోజు గైరాజరే,” అన్నాడు.

దారి మూసుకుపోలేదు, అది చెప్పాలి. బొంబాయిలో ఒక హోటల్లో ఆ నెలలోనే వారం కోర్సు ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా నలభై గంటలు. కొత్తగా ఇన్‌స్పెక్టర్లు కావాలనుకునే కుర్రాళ్ళను తయారుచేసే కోర్సు, అయినా పాతవాళ్ళకు కూడా గంటలు ఇస్తారు. ఆ కుర్రాళ్ళకు శనివారం అదే హోటల్లో పరీక్ష. ఆ పరీక్షలోనే ప్రాక్టికల్ పేపరుకు ఉస్తాద్ కూర్చోవచ్చు. అంటే అదే ఊరు, అదే హోటలు, అదే వారం. సోమవారం పోతే గంటలు, శనివారం పోతే పరీక్ష.

నేను సోమవారం పొమ్మన్నాను.

“అయిదు దినాలు కూసుంటె అయిపోతది, ఉస్తాద్. కూసునుడుల ఫేలైనోన్ని నేనింతవరకు చూడలే. నేనే పాసైన.”

“ఆడ ఏం జెప్పిన్రు నీకు?”

“ఏసీ చల్లగుండె.”

“గదే అడుగుతున్న. గా చల్లదనానికి నా నంబరు ఎందుకు నిలవాలె? శనివారం పోత. రెండు గంటల పని. ముందట అతుకు వెడతరు, గేజి ఇస్తరు, బాగుందా లేదా అంటరు. ఇరవై ఏండ్ల సంది గదే చేస్తున్న.”

“పరీక్ష ఒక్కటే మాటు. తప్పితే మల్ల రాసేటందుకు టైము లేదు, ఫలితం వచ్చేసరికే గడువు అయిపోతది. గంటలకు గా గండం లేదు.”

“గండం లేనిది పరీక్ష గాదు, గంటలు గాదు, దావతు.”

ఆయన మనసులో ఇంకొకటి ఉంది. ముందు ఏడాది మా లైన్‌లోనే ఒక అతుకు నీళ్ళ ఒత్తిడి పెట్టేసరికి కారింది. దాన్ని సరేనని సంతకం చేసినవాడు వేరే దేశం మనిషి, అరవై దాటినవాడు, గంటలు చూపించి నంబరు నిలబెట్టుకున్నాడని మాకు ఈమధ్యే తెలిసింది. ఆ పైపు కోయించి మళ్ళీ అతికించే పని ఉస్తాద్ మీద పడింది. మూడు రోజులు ఎండలో నిలబడ్డాడు.

“ఆయనకు పగులు కానరాదు. గంటలు మాత్రం నిండుగున్నయి,” అన్నాడు.

“ఆయన పరీక్ష రాసినా పాసయ్యేటోడే. పరీక్షల ప్లాస్టిక్ అతుకులు పెడతరు, ఎండ ఉండదు, కుర్చీ గూడ ఏస్తరు. పరీక్ష గూడ పైపు మీద పెట్టరు, ఉస్తాద్. రెండూ అబద్ధమే. తక్కువ దెబ్బ తగిలే అబద్ధం పట్టుకోమంటున్న.”

నా జీవితంలో ఇంత తెలివిగా ఎప్పుడూ మాట్లాడలేదు. అది ఎవరి మీదా పనిచెయ్యలేదు.

రెండు రోజులకు ఎల్లారెడ్డి పోయాను. లింగంపేట మీదుగా బస్సు. ఉస్తాద్ ఇంటి ముందు గద్దె మీద కూర్చుని కళ్ళద్దాలు తుడుస్తున్నాడు. పరీక్షకు కళ్ళ కాగితం కావాలి, అడుగు దూరంలో సన్న అక్షరాలు చదవాలి, అద్దాలు పెట్టుకోవచ్చు. కామారెడ్డి డాక్టరు దగ్గర చదివేశాడు. ఆ ఒక్క విషయంలో నా భయం తీరింది. ఆయన భార్య, మా చాచీ, నాకు మక్కగారెలు పెట్టి, తలుపు దగ్గర నిలబడి అడిగింది.

“తమ్మీ, గీ పరీక్ష పాసైతే ఏమిస్తరు?”

“ఉన్న నంబరే మల్ల ఇస్తరు, చాచీ.”

“ఫేలైతే?”

“ఉన్నది గుంజుకుంటరు.”

“గట్లయితే పైసలు గట్టి ఎవలన్న రాస్తరా గిసోంటి పరీక్ష?”

“నేనడిగింది గూడ గదే.”

“గంటలకైతే?”

“అయిదు దినాలు కూసోవాలె. ఎవలేం అడగరు. తిండి గూడ వాళ్ళే పెడతరు.”

ఆమె మొగుడి వైపు తిరిగింది. “పొయ్యి కూసోరాదు? ఇంట్ల కూసుంటలేవా?”

ఉస్తాద్ అద్దాలు పెట్టుకున్నాడు. “నా పక్కన కూసునేటోళ్ళు ఎవలో తెలుసా? మొన్న డిప్లమా అయిన పోరగాండ్లు. పాఠం చెప్పేటోడు అండర్‌కట్ అంటే ఏందో బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తడు. నేను తల ఊపాలె. అయిదు దినాలు తల ఊపినందుకు నువ్వు ఇన్‌స్పెక్టర్‌వే అని రాసిస్తరు. గప్పుడు రిపోర్టు కింద నంబరు ఏసేటప్పుడు నాకు ఎట్లుంటది?”

“ఎట్లుంటది? జీతం వచ్చినట్టుంటది,” అంది చాచీ.

అండర్‌కట్ అంటే అతుకు అంచున ఇనుము కరిగి తెగిన సన్నని గాడి. కొంత లోతు వరకు ఉండనిస్తారు, దాటితే కొట్టేస్తారు. ఆ లోతు ఎంతన్నది ఏ పుస్తకం ప్రకారం చూస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. మా చమురు కంపెనీ పుస్తకం కఠినం. మిగతావి అంత కాదు. పరీక్షకు వేరే పుస్తకం ఇస్తారు, పరీక్ష కోసమే తయారుచేసింది. దాని ప్రకారమే సరే అనాలి, దాని ప్రకారమే కాదనాలి. ఈ సంగతి ఉస్తాద్‌కు తెలియక కాదు. తొమ్మిదేళ్ళ కింద అదే పుస్తకంతో పాసయ్యాడు.

ఆ సోమవారం ఉస్తాద్ ఎల్లారెడ్డిలోనే ఉన్నాడు. శుక్రవారం ఇద్దరం నిజామాబాద్ నుంచి వచ్చిన బస్సు దిగి బొంబాయిలో ఉన్నాం. నన్ను తోడు రమ్మనలేదు. నేనే పోయాను, బొంబాయిలో మా చెల్లెలి పెనిమిటికి ఏదో పని ఉందని అబద్ధం చెప్పి. మా చెల్లెలి పెనిమిటి అప్పుడు దోమకొండలో కిరాణా కొట్టు దాటి కదిలేవాడు కాదు, ఆ సంగతి ఉస్తాద్‌కూ తెలుసు.

శనివారం పొద్దున హోటల్ వరండాలో కుర్రాళ్ళు పుస్తకాలు పట్టుకుని తిరుగుతున్నారు. వారమంతా కోర్సులో కూర్చున్నవాళ్ళు. ఒకడు ఉస్తాద్‌ను చూసి లేచి నిలబడి, “సార్, ఏ రూములో కూర్చోవాలి?” అని అడిగాడు. పరీక్ష పెట్టే మనిషి అనుకున్నాడు.

“నాకు గూడ తెల్వది బాబూ. నేను గూడ రాసేటోన్నే,” అన్నాడు ఉస్తాద్.

ఆ కుర్రాడు నవ్వాడు. ముసలాయన హాస్యమాడుతున్నాడనుకుని ఉంటాడు.

లోపలికి పోయాడు. నేను బయట ఫుట్‌పాత్ మీద చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, జవాబులు పోల్చుకుంటూ. అందరికంటే చివర ఉస్తాద్ వచ్చాడు. ముఖం మామూలుగానే ఉంది. చాయ్ తీసుకున్నాడు.

“ఎట్లయింది?”

“బొమ్మలు మంచిగ చేసిన్రు. ప్లాస్టిక్ అంటే నమ్మబుద్ధి గాదు.”

“ఎట్లయిందని అడిగిన.”

“ఒకదాని మీద అండర్‌కట్ ఉండె. గేజి పెట్టిన. వాళ్ళ పుస్తకం తీసి చూసిన. పుస్తకం ప్రకారం సరే.”

“సరే అని పెట్టినవా?”

ఆయన చాయ్ తాగాడు. “మన లైన్ మీద గయితే కొట్టేసేది. ఇరవై ఏండ్లల్ల గంత గాడికి నేను ఒక్క సంతకం పెట్టలే. చెయ్యి రాలే.”

“చెయ్యి రాలే అంటే? తప్పని పెట్టినవా?”

“తప్పని పెట్టిన.”

“ఒక్కటేనా?”

“గసోంటియి నాలుగైదుండె. ఒకదానికి తప్పని పెట్టినంక ఇంకోదానికి సరే అని ఎట్ల పెడతరు? అన్నిటికి గట్లనే పెట్టిన.”

నాకు కోపం ఆగలేదు. బొంబాయి ఫుట్‌పాత్ మీద, మా ఉస్తాద్‌ను, నన్ను వెల్డర్ నుంచి మనిషిని చేసినవాణ్ణి, తిట్టాను. “వాళ్ళు నీ నీతి చూడరు ఉస్తాద్, వాళ్ళ పుస్తకం నీకు చదవ వస్తదా రాదా అని చూస్తరు. గది పైపు గాదు. దాంట్ల చమురు పోదు. గది కారితే ఎవడు సావడు. ప్లాస్టిక్ ముక్క గది.”

“తెలుసు.”

“తెలిసి గూడ?”

“తెలిసి గూడ. ఇంక రెండు చాయ్ చెప్పు.”

చెప్పాను. అప్పటికి అదంతా గొప్పతనంగా కనిపించి ఉంటే బాగుండేది. నాకు మూర్ఖత్వంగా కనిపించింది. ఇప్పటికీ కొన్ని రోజులు అలాగే కనిపిస్తుంది. పరీక్ష అడిగింది కళ్ళనూ, గేజినీ, ఇచ్చిన పుస్తకాన్ని పాటించే బుద్ధినీ. మూడోది ఇన్‌స్పెక్టర్‌కు నిజంగానే కావాలి. రేపు ఇంకో కంపెనీకి పోతే వాళ్ళ పుస్తకమే పాటించాలి, మన ఇష్టం కాదు. ఆ లెక్కన పరీక్ష తప్పు కాదు. ఆయనా తప్పు కాదు. ఇద్దరూ సరైనవాళ్ళయినప్పుడు ఎవడి దగ్గర నంబరుంటే వాడు గెలుస్తాడు, నంబరు పరీక్ష పెట్టేవాడి దగ్గర ఉంది.

ఫలితం కొన్ని వారాలకు ఎల్లారెడ్డి పోస్టాఫీసుకు వచ్చింది. కొద్దిలో పోయింది. ఆ నాలుగైదింటిలో సగం పుస్తకం ప్రకారం పెట్టి ఉంటే గట్టెక్కేవాడు. అప్పటికి గడువు కూడా ముగిసింది. ఇంకో కోర్సు ఉంది గాని రెండు నెలల తర్వాత, అది కూడా ఇక లెక్కకు రాదు. పోయిన నంబరుకు గంటలు కట్టనివ్వరు, ఉన్న నంబరుకే.

మేమిద్దరం కామారెడ్డి ఎస్టీడీ బూత్‌లో కూర్చుని సౌదీ ఆఫీసుకు ఫోన్ చేశాం. అక్కడ ఎత్తినవాడు మాకు తెలిసినవాడే, ఉస్తాద్ అంటే ప్రాణం పెట్టేవాడే. హిందీలో మర్యాదగా మాట్లాడాడు. ఇన్‌స్పెక్టర్‌గా పంపడానికి వీల్లేదన్నాడు, చమురు కంపెనీ ఒప్పుకోదు. వెల్డింగ్ ఫోర్‌మన్ పోస్టు ఒకటి ఖాళీ ఉంది, అదే క్యాంపు, అదే లైను, కావాలంటే మేనేజరుతో మాట్లాడి ఇప్పిస్తానన్నాడు. ఇన్‌స్పెక్టర్‌గా ఎవరొస్తున్నారని ఉస్తాద్ అడిగాడు. అవతలివాడు ముందు ఫోర్‌మన్ జీతం ఎంతో చెప్పాడు. తర్వాత నా పేరు చెప్పాడు.

బూత్ బయటికి వచ్చాక నేను అన్నాను. “నేను ఒప్పుకోను. వేరేటోన్ని చూసుకొమ్మంట.”

“ఎందుకు? వేరేటోడు వస్తే నాకు నంబరిస్తడా?”

“మల్ల మూడు పేపర్లు రాయి. ఆర్నెల్లు చదువు. నేను చదివిపిస్త.”

“నువ్వు ఏడో తరగతి, నేను అయిదో తరగతి. ఇద్దరం కలిస్తే గూడ డిగ్రీ గాదు,” అన్నాడు. లెక్క వేసి చూసుకుని తనే నవ్వాడు. అదే మొదటిసారి ఆయన హాస్యం నా హాస్యం కన్నా బాగుండడం, నాకది నచ్చలేదు.

ఎల్లారెడ్డిలో చాచీకి సంగతి నేనే చెప్పాను. ఫోర్‌మన్ అంటే ఎండలో వెల్డర్ల పక్కనే నిలబడాలి, ఇన్‌స్పెక్టర్ల లాగా చూసి పోయి గదిలో కూర్చోడం ఉండదు. జీతం కూడా తక్కువ. ఇంటి పైకప్పు సగంలో ఉంది, ఇంకో అయిదేళ్ళు ఆయన సంపాదిస్తే తప్ప తీరదు. పోక తప్పదు.

చాచీ అంతా విని ఆయన వైపు చూడకుండా నాతో అంది. “అయిదు దినాలు కూసోమంటే కూసోలే తమ్మీ. ఇగ అయిదేండ్లు నిలబడుతడు.”

ఆయన విననట్టు కట్టె గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. నేను తిరుగు బస్సు వేళ కాకుండానే లేచి వచ్చేశాను.

ఒకే విమానంలో పోయాం. క్యాంపులో ఇన్‌స్పెక్టర్ల వరుసలో ఆయన గది నాకిచ్చారు. వద్దన్నాను. ఆయనే నా పెట్టె ఎత్తి అందులో పెట్టి, తన సామాను ఫోర్‌మన్ల వైపు మోసుకుపోయాడు. ఈసారి జాగా కిందికి దిగింది కూడా కట్టుబాటు ప్రకారమేనని మావాళ్ళలో ఒకడు అన్నాడు. వాణ్ణి నేను నెల రోజులు పలకరించలేదు. మామూలుగా అలాంటి మాట ముందు నేనే అనేవాణ్ణి.

మొదటి రోజు లైను మీద ఉస్తాద్ మనుషులు అతికిన వరుస చూడాల్సిన వంతు నాది. నేను పోయేసరికి ఆయన అతుకులన్నీ చూసి రెండింటి మీద సుద్దతో అడ్డగీత గీసి పెట్టాడు, బాగుచెయ్యమని. ఇక నేను చూసేదేమీ మిగల్లేదు. ఊరికే గేజి పట్టుకుని నడిచాను. చివరకు ఆయన దగ్గరికి వచ్చేసరికి మిగతా వెల్డర్లు చుట్టూ ఉన్నారు, వేరే దేశాల వాళ్ళు కూడా.

“మిగిలినయన్ని సరిగున్నయి, సార్. సంతకం పెట్టుండ్రి,” అన్నాడు ఉస్తాద్.

హాస్యానికి అన్నాడేమోనని ముఖం చూశాను. లైను మీద అందరి ముందూ ఇన్‌స్పెక్టర్‌ను ఫోర్‌మన్ ఏమని పిలవాలో అలాగే పిలిచాడు.

రిపోర్టు మీద సంతకం పెట్టాను. కింద నంబరు రాయాలి. ఇన్నేళ్ళు ఆయన పక్కన నిలబడి చూసిన అలవాటుకు నా పెన్ను ఆయన నంబరు రాయడం మొదలుపెట్టింది, రెండంకెలు పడ్డాయి. కొట్టేసి, నాది గుర్తుకు రాక జేబులోంచి కార్డు తీశాను. ఆయన ఎండకు చెయ్యి అడ్డం పెట్టి, ఆ కార్డు చదవడానికి నాకు నీడ చేశాడు.